డబ్బా అసలుదే, పొడి మాటేమిటి?

వే ప్రొటీన్ పొడిలో మోసం రెండు రకాలు. పేరున్న విదేశీ బ్రాండు డబ్బాను అచ్చుగుద్దినట్టు తయారుచేసి, అందులో చవక పొడి నింపి అమ్మడం ఒకటి. రెండోదానిలో డబ్బా అసలుదే, కంపెనీ అసలుదే, లైసెన్సూ ఉంటుంది. లోపల ప్రొటీన్ మాత్రం రాసినంత ఉండదు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువగా భయపడేది మొదటిదానికే. పట్టుకోవడం కష్టమయ్యేది మాత్రం రెండోది.

మొదటి మోసానికి ఆన్‌లైన్ అంగడి తీరే అనుకూలం. అక్కడ ఒకే ఉత్పత్తి పేజీ మీద పదిమంది సరుకు అమ్ముకోవచ్చు. ఫొటో, వివరాలు, వేల కొద్దీ రివ్యూలు ఆ పేజీవి. మీకు డబ్బా పంపేది మాత్రం కింద చిన్న అక్షరాల్లో పేరున్న విక్రేత. అందుకే నాలుగున్నర స్టార్లు చూసి మురిసిపోవడంలో అర్థం లేదు. ముందు ఆ విక్రేత పేరు మీద నొక్కండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం అతని వ్యాపారం పేరు, చిరునామా అక్కడ కనిపించాలి. తర్వాత బ్రాండు సొంత వెబ్‌సైట్‌కి వెళ్లి, మన దేశంలో దాన్ని దిగుమతి చేసేదెవరో, అధీకృత విక్రేతలెవరో చూడండి. రెండు చోట్లా ఒకే పేరుంటే కొనండి. లేకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి.

డబ్బా ఇంటికొచ్చాక లోపలి సీలు తీయకముందే దిగుమతిదారు స్టిక్కర్ చదవాలి. దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటుంది. foscos.fssai.gov.in లో ఆ నంబరు వేస్తే అది ఎవరిదో తెలుస్తుంది. నకిలీగాళ్లు వేరెవరిదో నిజమైన నంబరే అచ్చేస్తారు కాబట్టి, నంబరు ఉందా అని కాక, స్టిక్కర్ మీద పేరుతో కలిసిందా అని చూడాలి. నంబరు 2తో మొదలైతే అది చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. దిగుమతిదారుకు కేంద్ర లైసెన్సు ఉండాలి గనుక ఆ అంకె అక్కడ కనబడకూడదు. గీకి చూసే కోడ్ ఉంటే డబ్బా మీది క్యూఆర్ స్కాన్ చేయకండి, అది నకిలీ సైట్‌కే తీసుకెళ్లవచ్చు. బ్రాండు సైట్ పేరు మీరే టైప్ చేసి కోడ్ వేయండి. ‘ఇంతకుముందే సరిచూశారు’ అని వస్తే, అదే కోడ్‌ని చాలా డబ్బాల మీద అచ్చేసి ఉండవచ్చు.

ఇక రెండో మోసం. ప్రొటీన్ ఎంతుందో చెప్పడానికి ల్యాబుల్లో మామూలుగా నైట్రోజన్‌ని కొలుస్తారు. పాల ప్రొటీన్ అయితే వచ్చిన అంకెను 6.38తో గుణిస్తారు. ఆ నైట్రోజన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్షకు తెలియదు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపింది ఈ లొసుగును వాడుకునే. సప్లిమెంట్లలో ఆ పనికి గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు వాడతారు.

33 గ్రాముల స్కూపులో 24 గ్రాముల ప్రొటీన్ అని రాశారనుకుందాం. అందులో 5 గ్రాములు గ్లైసినే అయితే, పరీక్షలో అది దాదాపు 6 గ్రాముల ప్రొటీన్‌లా కనిపిస్తుంది. మీకు దక్కే పాల ప్రొటీన్ 18 గ్రాములే. పట్టుకునే దారి అమైనో ఆమ్లాల పట్టిక. వే ప్రొటీన్‌లో పదో వంతుకు కాస్త అటూఇటూగా లూసిన్ ఉంటుంది, అంటే 24 గ్రాములకు సుమారు రెండున్నర గ్రాములు. గ్లైసిన్ అర గ్రాముకు మించదు. లూసిన్ ఒకటిన్నర గ్రాములే ఉండి గ్లైసిన్ రెండు దాటితే కల్తీ జరిగినట్టే. పట్టికే లేని బ్రాండు జోలికి నేనైతే పోను. ఆ పట్టిక కూడా కంపెనీ రాసుకున్నదే కదా అంటారా? నిజమే. అందుకే మీ డబ్బా బ్యాచ్ నంబరుతోనే ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ ఇచ్చిన అమైనో ఆమ్లాల రిపోర్టును బయటపెట్టే కంపెనీకే నా ఓటు.

ఇది ఉత్త అనుమానం కాదు. 2024లో మన వైద్యులు 36 ప్రొటీన్ ఉత్పత్తులను పరీక్షించి ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీది ప్రొటీన్ అంకెలు తప్పని తేలింది. కొన్నింట్లో రాసినదాంట్లో సగమే ఉంది.

యూట్యూబ్‌లో చూపించే ఇంటి పరీక్షల్ని నమ్ముకోవద్దు. నురగ, కరిగే తీరు, రుచి ఏమీ తేల్చవు. అయోడిన్ చుక్క వేస్తే పిండి నీలమవుతుంది గానీ, కల్తీకి ఎక్కువగా వాడే మాల్టోడెక్స్‌ట్రిన్ చాలాసార్లు దానికి దొరకదు.

అనుమానం వస్తే డబ్బా పారేయకండి. బిల్లు, స్టిక్కర్ ఫొటో, బ్యాచ్ నంబరు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టండి.