కథ వెంటే లెక్క

సాయంత్రం బడి నడిపే ఒక ట్రస్టు దాతలను పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడాలి అనుకుందాం. పిల్లలు 60 మంది, ఏడాది ఖర్చు 12 లక్షలు. ముందు ఒక్క అమ్మాయి కథే చెప్పండి, పేరు మార్చి, ఇంట్లోవాళ్ల అనుమతితో. అది ముగియగానే లెక్కను ఆ అమ్మాయి మీదుగానే చెప్పాలి. ఆమె చదువుకు అయింది 20,000 రూపాయలు. అందులో టీచర్ల జీతాలకు 12,000, పుస్తకాలకు 3,000, అద్దెకు 3,000, ఆఫీసు, ఆడిట్‌లకు 2,000. ఈ చివరి అంకెను చాలామంది దాచేస్తారు. అనుమానం మొదలయ్యేది అక్కడే.

గెలిచిన బిడ్డ కథతోనే ఆపితే అరవై మందీ అలాగే ఉన్నారనిపిస్తుంది. మధ్యలో మానేసినవాళ్లు ఎందరో, ఎందుకు మానేశారో కూడా చెప్పాలి. మార్చి 31 నాటికి ఎంత మిగిలిందో, దేనికి ఉంచారో ఎవరూ అడగకముందే చెప్పండి. చివరి ఏడు నిమిషాలు ప్రశ్నలకే వదిలేయండి.