కార్డు కదిలింది, ముప్పు కదిలిందా?

ఒక కాలేజీకి అడ్మిషన్ల యాప్ తయారుచేస్తున్న ఐదుగురి జట్టు ఉందనుకుందాం. జూన్ 1న యాప్ తెరవాలి. టాస్క్ బోర్డు మీద ఫీజు పేజీ, ఫొటో అప్‌లోడ్, ఓటీపీ లాగిన్ అంటూ పనికో కార్డు. అన్నీ ఒక్కొక్కటిగా ‘అయిపోయినవి’ గడిలోకి చేరుతున్నాయి. అయినా జూన్ 1న ఒక్క విద్యార్థి కూడా లాగిన్ కాలేకపోవచ్చు.

మన దేశంలో సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌ల మీద ట్రాయ్ నిబంధనలున్నాయి. పంపేవారి గుర్తుగా కనిపించే హెడర్, సందేశం టెంప్లేట్ రెండూ టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు కావాలి. లేకపోతే ప్రోగ్రామ్ ఎంత బాగా రాసినా ఓటీపీ ఫోనుకు చేరదు. ఆమోదం వేళకు రావచ్చు, రాకపోవచ్చు. బోర్డు మీద పనులకే చోటు, ఈ ‘రాకపోవచ్చు’కు లేదు. దాన్ని రాసుకునేదే రిస్క్ రిజిస్టర్. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు.

అందులో ‘ఎస్సెమ్మెస్ సమస్య’ అని రాసి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘పత్రాలు తిరస్కరిస్తే టెంప్లేట్ ఆమోదం మే 20 దాటవచ్చు, అప్పుడు విద్యార్థులకు ఓటీపీ అందదు’ అని కారణం, ఘటన, ఫలితం మూడూ రాయాలి. దీనికి R-04 అని నంబరు ఇద్దాం. జరిగే అవకాశం 5కి 3, జరిగితే నష్టం 5కి 5, గుణిస్తే 15. ఇది కొలత కాదు, జట్టు అంచనా. ఏ ముప్పును ముందు చూడాలో తేల్చడానికే. బాధ్యత ప్రాజెక్ట్ మేనేజర్‌ది. ‘జట్టు అంతా’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు బోర్డు మీదికి రెండు కొత్త కార్డులు వస్తాయి: మే 2లోగా పత్రాలు ఇవ్వడం, ఈమెయిల్ ఓటీపీ దారి సిద్ధం చేయడం. రెండింటి మీదా R-04 అని ఉంటుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. మే 2న మొదటి కార్డు పూర్తవుతుంది, వెంటనే ఎవరో R-04ను కూడా మూసేస్తారు. కానీ పత్రాలు ఇచ్చామంతే, ఆమోదం రాలేదు. అవకాశం 3 నుంచి 2కు తగ్గింది, స్కోరు 10. ఈమెయిల్ దారి కూడా సిద్ధమైతే నష్టం 3కు దిగుతుంది (ఈమెయిల్ చూసే అలవాటు లేని పిల్లలు ఉంటారు మరి), స్కోరు 6. ఆమోదం వచ్చి, వేర్వేరు నెట్‌వర్కుల ఫోన్లకు పరీక్ష ఓటీపీ చేరాకే R-04ను మూయాలి. మే 20కి ఆమోదం రాకపోతే అది ఇక ముప్పు కాదు, వచ్చిపడ్డ సమస్య. బోర్డు మీద అన్నిటికన్నా పైన అత్యవసర కార్డు పెట్టి, ఈమెయిల్ దారి తెరవాలి.

రిజిస్టర్ నిద్రపోయిందని పట్టుకోవడం తేలికే. వారాల తరబడి స్కోర్లు మారవు. R నంబరున్న కార్డులు ఎడమ గడిలోనే ఉండిపోతాయి, క్లయింటుకు చూపించుకోగల ఫీచర్లు మాత్రం వాటిని దాటిపోతాయి. అందుకే వారపు సమావేశంలో బోర్డు కన్నా ముందు రిజిస్టర్ తెరిచి, పైనున్న నాలుగైదు ముప్పులు మాత్రమే చూడటం మంచిది. ఐదుగురి జట్టు నలభై వరుసలు రాసుకుంటే రెండోవారం నుంచి దాన్ని ఎవరూ తెరవరు.