శిశువుల సాయంకాలపు ఏడుపు: కోలిక్ నిర్ధారణలో గడియారం, బరువు, గొంతు
(శ్రీకాకుళం, విజయనగరం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం: ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ సాయంత్రం వేళ కాళ్ళు పొట్టకు ముడుచుకొని గంటల తరబడి ఏడిస్తే దానిని కడుపునొప్పిగా భావించడం సర్వసాధారణం. వైద్యశాస్త్రం ‘కోలిక్’గా పేర్కొనే ఈ స్థితిని ఏ ఆధారాలతో నిర్ణయిస్తారో, ఉత్తర కోస్తా ఆహార చరిత్ర దృష్ట్యా ఇక్కడ అదనంగా ఏమి పరిశీలించవలసి ఉందో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. కాళ్ళు ముడవడం దేనికి గుర్తు?

రెండు మూడు వారాల వయసు దాటిన బిడ్డ దీపాలు పెట్టే వేళకు ఏడుపు అందుకుంటుంది. ముఖం ఎర్రబడుతుంది, పిడికిళ్ళు బిగుస్తాయి, మోకాళ్ళు పొట్టను తాకుతాయి, పొట్ట గట్టిపడుతుంది. పాలిచ్చినా, ఎత్తుకున్నా, జోకొట్టినా ఊరుకోదు. గుక్క తిప్పుకోకుండా ఏడ్చి ఏడ్చి, ఏ తొమ్మిదింటికో తనంతట తానే నిద్రపోతుంది. మర్నాడు ఉదయం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇంట్లో పెద్దలు దీనిని కడుపునొప్పి అనో, దిష్టి అనో అంటారు. మొదటి మాటకు ఆధారం ఆ ముడుచుకున్న కాళ్ళు; రెండవ మాటకు ఆధారం సంధ్యవేళ.

మాట రాని బిడ్డ బాధను శరీర చేష్టల ద్వారా గుర్తించే ప్రయత్నం మన సంప్రదాయంలో ప్రాచీనమైనది. కాశ్యప సంహితలోని వేదనాధ్యాయం ఇందుకు చక్కని ఉదాహరణ. ఉదరశూల గల శిశువు స్తనాన్ని వదిలివేస్తుందని, ఏడుస్తుందని, వెల్లకిలా పడి ఉంటుందని, పొట్ట బిగుసుకుంటుందని, దేహం చల్లబడి ముఖాన చెమట పడుతుందని అందులో ఉంది. ఈ వర్ణనలో స్తనాన్ని వదిలివేయడం, చల్లబడడం, చెమట పట్టడం అనే మూడు లక్షణాలను నేటి వైద్యుడు కూడా తేలికగా తీసుకోడు. మనం చర్చిస్తున్న సాయంకాలపు ఏడుపులో ఇవేవీ ఉండవు. కనుక ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

కాళ్ళు ముడవడం మాత్రం చాలా బలహీనమైన ఆధారం. తొలి నెలల్లో బిడ్డ అవయవాలు సహజంగానే ముడుచుకొని ఉంటాయి. గట్టిగా ఏడ్చినప్పుడు ఉదర కండరాలు బిగుస్తాయి, తొడలు పైకి లేస్తాయి. ఆకలితో ఏడ్చినా, లాల పోసేటప్పుడు ఏడ్చినా ఇదే భంగిమ కనిపిస్తుంది. గాలి పోవడం కూడా అంతే: ఏడుస్తూ మింగిన గాలి తరువాత బయటికి వస్తుంది. ఏడుపు ఫలితాన్ని చూసి మనం దానినే కారణం అనుకుంటాము.

2. గడియారంతో కొలత

ఆరోగ్యవంతులైన శిశువులందరి ఏడుపులోనూ ఒక క్రమం ఉంది. టి. బెర్రీ బ్రేజల్టన్ 1962లో ప్రచురించిన అధ్యయనంలో తల్లులు రాసిన దినచర్యలను బట్టి, ఏడుపు రెండవ వారం నుంచి పెరిగి సుమారు ఆరవ వారంలో శిఖరానికి చేరి, ఆపై తగ్గుతుందని, ఎక్కువ భాగం సాయంత్రాలలోనే ఉంటుందని తేలింది. రోజంతా బిడ్డను ఒంటికి అంటిపెట్టుకొని తిరిగే ఆఫ్రికాలోని కుంగ్ శాన్ తెగలోనూ ఏడుపు వ్యవధి తక్కువే గాని, శిఖరం మాత్రం అదే వయసులో వస్తుందని రొనాల్డ్ బార్ బృందం 1991లో చూపింది. అంటే కోలిక్ అనేది చాలావరకు ఈ సహజరేఖకు పై అంచు. కొందరు బిడ్డలలో ఆ అంచు ఎందుకంత ఎత్తుగా ఉంటుందో ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఆ అంచు ఎక్కడ మొదలవుతుంది? 1954లో మోరిస్ వెసెల్, ఆయన సహచరులు ఒక గీత గీశారు: రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడుపు. మూడు మూళ్ళ సూత్రంగా ఇది ప్రసిద్ధమైంది. అయితే మూడు వారాలు వేచి చూడమని ఏ తల్లికి చెప్పగలం? 2016 నాటి రోమ్-4 ప్రమాణాలు చికిత్స సందర్భంలో గంటల లెక్కను పూర్తిగా విడిచిపెట్టాయి. ఐదు నెలల లోపు వయసులోనే మొదలై ముగియడం. స్పష్టమైన కారణం లేకుండా, ఊరడించినా ఆగకుండా, మళ్ళీ మళ్ళీ దీర్ఘంగా ఏడవడం లేదా చిరాకు పడడం. ఎదుగుదల లోపం, జ్వరం, జబ్బు ఆనవాళ్ళు లేకపోవడం. ఇవి ఉంటే చాలు. పరిశోధనకు మాత్రం రోజుకు మూడు గంటలు లేదా అంతకు మించి, వారంలో కనీసం మూడు రోజులు ఏడుస్తున్నట్టు ఇంటివారు చెప్పాలి. దానిని కనీసం ఒక రోజు రాసిన 24 గంటల పట్టిక ధ్రువీకరించాలి.

3. ఒక ఉదాహరణ

వివరణ కోసం కూర్చిన ఈ ఉదాహరణను చూద్దాం. చీపురుపల్లి దగ్గరి ఒక పల్లెలో తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన తల్లి. తండ్రి హైదరాబాదులో భవన నిర్మాణ పనిలో ఉన్నాడు. బిడ్డకు 42 రోజులు. గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణలో ఆశా కార్యకర్త చేసే చివరి సందర్శన సరిగ్గా ఆ రోజుకే వస్తుంది. ఆరు వారాల టీకాలు కూడా అప్పుడే. ఏడుపు శిఖరానికి చేరే వారమూ అదే కనుక నేరం టీకా మీదికి పోవడం సులభం. అయితే ఈ ఇంట్లో ఏడుపు మూడవ వారంలోనే మొదలైంది. ఆ ఒక్క తేదీ టీకాను పక్కన పెట్టడానికి సరిపోతుంది.

“రోజూ ఐదు గంటలు ఏడుస్తున్నాడమ్మా” అని అమ్మమ్మ చెప్పింది. రోజును పావుగంట గడులుగా విభజించి ఏడుపును, చిరాకును గుర్తుపెట్టమంటే, ఏడు రోజులలో వరుసగా 3 గంటల 15 నిమిషాలు, 2:30, 3:45, 3:00, 1:45, 3:30, 2:45 వచ్చాయి. రోజు సగటు మూడు గంటలకు కొంచెం తక్కువ. అమ్మమ్మ అబద్ధమాడలేదు, ఓదార్చలేని ఏడుపు ఎవరికైనా ఎక్కువసేపే అనిపిస్తుంది. వెసెల్ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే మూడు గంటలకు ‘మించిన’ రోజులు మూడే; నాలుగు కావాలి కనుక ఇది కోలిక్ కాదు. రోమ్ పరిశోధన ప్రమాణంలో కనీసం మూడు రోజులు చాలు కనుక ఇది కోలిక్. ఒక్క రోజు తేడా మీద రోగనామం ఆధారపడడం చూస్తే, గీత ఎంత కృత్రిమమో తెలుస్తుంది. బిడ్డ మాత్రం ఆ బిడ్డే.

అందువల్ల నిజమైన నిర్ణయం మిగతా 21 గంటలను బట్టి జరుగుతుంది. పుట్టినప్పుడు 2.8 కిలోలున్న బిడ్డ ఇప్పుడు 3.9 కిలోలు ఉన్నాడు. 42 రోజులలో 1100 గ్రాములు, అంటే రోజుకు సుమారు 26 గ్రాములు. ఈ వయసుకు 20 నుంచి 30 గ్రాములు ఆశించదగినది. రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తున్నాడు, పాలు ఆత్రంగా తాగుతున్నాడు, ఏడుపు లేని వేళ కళ్ళలోకి చూస్తున్నాడు. జ్వరం, పసరు వాంతి, మలంలో రక్తం లేవు.

ఇక బట్టలన్నీ విప్పి చూడాలి. గజ్జలో గడ్డలా ఉబ్బు ఉంటే అది హెర్నియా కావచ్చు. కాలివేళ్ళకో, మర్మాంగానికో తల్లి వెంట్రుక గాని దారప్పోగు గాని చుట్టుకొని రక్తప్రసరణను ఆపుతుంది. మొలతాడు, దిష్టితాడు కట్టే మన ఇళ్ళలో ఇది మరింత గుర్తుంచుకోవలసిన విషయం, ఎందుకంటే బిడ్డ పెరుగుతాడు గాని తాడు పెరగదు. టొరంటోలో జ్వరం లేకుండా ఏడుపుతో వచ్చిన 237 మంది శిశువులను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 5.1 శాతం మందికి తీవ్రమైన కారణం దొరికింది. వాటిలో మూత్రకోశ ఇన్ఫెక్షన్ ముఖ్యమైనది. అనుమానం ఉంటే మూత్ర పరీక్ష చేయించాలనడానికి కారణమిదే.

పేగు ఒకదానిలో ఒకటి చొరబడినప్పుడు కూడా బిడ్డ కాళ్ళు ముడిచి కేకపెడుతుంది. కాని అది సాయంత్రం కోసం ఆగదు. కొన్ని నిమిషాలు ఏడ్చి, మధ్యలో పాలిపోయి, వడలిపోయి పడి ఉంటుంది, వాంతులవుతాయి. కోలిక్ బిడ్డ ఏడుపుల మధ్య హుషారుగా ఉంటుంది. ఏడుపు కన్నా ఆ విరామమే ఎక్కువ చెబుతుంది.

4. ఈ ప్రాంతం గుర్తుంచుకోవలసిన మరో ఏడుపు

ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి గురించి మాల్కమ్‌సన్ 1835లోనే మద్రాసులో ఒక గ్రంథం ప్రచురించాడు. ఒక శతాబ్దం తరువాత, కూనూరు పోషకాహార పరిశోధనాలయానికి చెందిన అయ్‌క్రాయిడ్, కృష్ణన్ మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాల గురించి 1941లో వ్యాసం రాశారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేల అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఉండేది.

కారణం బియ్యంలో ఉంది. థయమిన్ అనే విటమిన్ తవుడులో ఉంటుంది. మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో అది పోతుంది. ఉప్పుడు బియ్యంలో గింజలోకి ఇంకి కొంత నిలుస్తుంది. మిగిలినది కూడా బియ్యం పదేపదే కడిగి, గంజి వార్చినప్పుడు నీళ్ళలో కలిసిపోతుంది. దానికి తోడు పప్పు, కూరలు తగ్గించి అన్నానికే పరిమితం చేసే బాలింత పథ్యం ఉంటే, తల్లి పాలలో థయమిన్ కొరవడుతుంది. తల్లికి అరికాళ్ళ తిమ్మిర్లు తప్ప పెద్ద బాధ ఉండకపోవచ్చు.

శిశువుల బెరిబెరి సాధారణంగా రెండవ, మూడవ నెలలో, ఓదార్చలేని ఏడుపుతో, కోలిక్ వేషంలోనే మొదలవుతుంది. బిడ్డ తొలుత బొద్దుగానే కనిపించవచ్చు గనుక పైన చెప్పిన బరువు లెక్క ఇక్కడ మోసగించగలదు. తేడా మూడు చోట్ల తెలుస్తుంది. మొదటిది వయసు: కోలిక్ తగ్గవలసిన నెలలో ఇది పెరుగుతుంది. రెండవది పాలు: బిడ్డ రొమ్ము వదిలేస్తుంది, వాంతి చేసుకుంటుంది, ఆయాసపడుతుంది. మూడవది గొంతు: ఏడుపు బొంగురుపోయి, చివరికి నోరు తెరిచి ఏడుస్తున్నా శబ్దం రాదు. ఏడుపు తగ్గిందని ఇంటివారు ఊరట పడే ఘడియలోనే గుండె విఫలమవుతూ ఉండవచ్చు. సకాలంలో థయమిన్ ఇంజక్షన్ ఇస్తే గంటల్లోనే మార్పు కనిపిస్తుంది.

నేటి ఆహారం 1941 నాటిది కాదు. ఈ వ్యాధి అరుదు. అయినా బాలింత ఏమి తింటున్నదో అడగడానికి ఒక్క నిమిషం చాలు. కోలిక్ ప్రశ్నావళులు వేటిలోనూ ఆ ప్రశ్న ఉండదు, అవి ఈ నేల మీద పుట్టినవి కావు గనుక. పైగా 42వ రోజు సందర్శన తరువాత ఆశా కార్యకర్త తిరిగి షెడ్యూలు ప్రకారం ఇంటికి వచ్చేది మూడవ నెలలో. ఈ మధ్యకాలంలో మిగిలేది పది వారాల టీకా రోజు. రొమ్ము పట్టడం లేదా, గొంతు మారిందా అనే రెండు ప్రశ్నలు వేయడానికి అదే తగిన చోటు.

5. ఇచ్చే మందుల గురించి

గ్రైప్ వాటర్, వాము నీళ్ళు, అరగదీసిన వస, ఆముదం: వీటిలో దేనినైనా ఏడవ వారంలో మొదలుపెట్టిన కుటుంబానికి తొమ్మిదవ వారంలో గుణం కనిపిస్తుంది. సహజరేఖ దిగేది అప్పుడే గనుక ఏమీ ఇవ్వని కుటుంబానికీ కనిపిస్తుంది. సిమెథికోన్ చుక్కలు పరీక్షలలో ఉత్తుత్తి మందును మించలేదు. ఆరు నెలల లోపు తల్లిపాలు తప్ప మరేదీ అక్కరలేదు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించడం బాటులిజం అనే ప్రమాదకర వ్యాధికి దారి తీయగలదు. బిడ్డను ముందు నుంచీ ఎక్కువసేపు ఎత్తుకుంటే ఆరవ వారంలో ఏడుపు 43 శాతం తగ్గిందని 1986లో హంజికర్, బార్ చూపారు. కాని కోలిక్ మొదలయ్యాక అదే పద్ధతిని చికిత్సగా పరీక్షిస్తే ఫలితం రాలేదు.

మన ఉదాహరణలోని తల్లికి అందవలసిన సాయం మరొకటుంది. ఆరు నుంచి తొమ్మిది వరకు బిడ్డ ఆమె ఒక్కతె చేతిలోనే ఉండకూడదు. ఏడుపు భరించలేక బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం జరుగుతుంది. చేతులు వణికేంత అలసట వస్తే బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు అరుగు మీదికి పోయి కూర్చోవచ్చునని ఆమెకు, అమ్మమ్మ ఎదుటనే, స్పష్టంగా చెప్పాలి.