పిండి చిటికె చెప్పే నూనె వేడి

గారెలు వేసే ముందు చిటికెడు మినప్పిండిని కాగుతున్న నూనెలో వేసి చూడటం మన వంటింట్లో మామూలే. థర్మామీటర్ లేకుండా ఆ పిండి నూనె వేడిని ఎలా చెబుతుంది?

నూనె కన్నా సాంద్రత ఎక్కువ కాబట్టి పిండి మొదట మునుగుతుంది. దానిలోని నీరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి పిండిని ఉబ్బించి పైకి తేలుస్తుంది. నూనె ఎంత వేడిగా ఉంటే ఆవిరి అంత త్వరగా పుడుతుంది. అంటే పిండి తేలే వేగమే ఇక్కడ కొలత.

పిండి అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు. అప్పుడే గారెలు వేస్తే అవి నూనెలో ఎక్కువసేపు ఉండి జిడ్డుగా తయారవుతాయి. రెండు మూడు సెకన్లలో తేలి, నెమ్మదిగా రంగు మారితే వేడి 170-180 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నట్టు. వేసీ వేయగానే నల్లబడితే నూనె మరీ కాగింది. గారె పైన మాడి, లోపల పచ్చిగా ఉంటుంది.

చెక్క గరిటె కాడను ముంచినా ఇదే సూత్రం. చెక్క రంధ్రాల్లోని తేమ ఆవిరై, కాడ చుట్టూ సన్నని బుడగలు ఎడతెగకుండా వస్తే నూనె సిద్ధం. అయితే కాడ పొడిగా ఉండాలి. అప్పుడే కడిగిన కాడ చుట్టూ 100 డిగ్రీలు దాటగానే బుడగలు వచ్చి మోసం చేస్తాయి, నూనె కూడా చిందుతుంది.

ఒక వాయి వేయగానే నూనె చల్లబడుతుంది. అందుకే రెండో వాయికి ముందు మళ్లీ చిటికెడు పిండి వేసి చూడాలి. నూనె పొగలు కక్కుతుంటే మాత్రం పరీక్షలు మాని, వెంటనే పొయ్యి కట్టేయాలి.