చెరువు నీటిలో సీసం ఎంత?

శంషాబాద్‌కు దగ్గర్లోని కాటేదాన్ పారిశ్రామికవాడ చెరువు నీటిలో సీసం కొలవాలనుకోండి. శుద్ధజలంతో గీసిన ప్రామాణిక రేఖ ఇక్కడ పనికిరాదు. నీటిలోని లవణాలు అటామిక్ అబ్జార్‌ప్షన్ పరికరం రీడింగును తగ్గిస్తాయి.

అందుకే నమూనాలోనే తెలిసినంత సీసం కలుపుతారు. ఇదే స్టాండర్డ్ అడిషన్ పద్ధతి. మూడు 50 మి.లీ. ఫ్లాస్కుల్లో 25 మి.లీ. చొప్పున చెరువు నీరు పోయాలి. అదనపు సీసం లీటరుకు 0, 10, 20 మైక్రోగ్రాములయ్యేలా కలిపి, శుద్ధజలంతో గుర్తు వరకు నింపాలి. రీడింగులు 0.120, 0.180, 0.240 వచ్చాయనుకుందాం. అంటే మైక్రోగ్రాముకు 0.006 పెరిగింది. 0.120ని 0.006తో భాగిస్తే 20. నీటిని రెండింతలు పలుచన చేశాం కనుక అసలు నీటిలో లీటరుకు 40 మైక్రోగ్రాములు. శుద్ధజలంలో పెరుగుదల 0.010 అయితే, పాత రేఖ 24 అనే చూపేది.

బిందువులు సరళరేఖపై లేకపోతే ఈ లెక్క చెల్లదు. సీసం లేకున్నా వచ్చే నేపథ్య శోషణ కూడా దీనితో పోదు. దాన్ని విడిగా తీసివేయాలి.