పాత ఫ్రెండ్‌తో పులిహోర: ‘రా’ తీసేస్తే అర్థమైపోతుందా?

ఈ ఎపిసోడ్‌లో చాలామంది అడిగిన ఒక ప్రశ్న తీసుకుంటున్నా. “అక్కా, ఎనిమిదేళ్లుగా ఫ్రెండ్. ఈ మధ్య నాకు వేరేలా అనిపిస్తోంది. డైరెక్ట్‌గా అడిగితే ఫ్రెండ్‌షిప్ పోతుందేమో అని భయం. అందుకే కొంచెం ఫ్లర్ట్ చేసి చూద్దామనుకుంటున్నా. ఎలా తెలుస్తుంది?” అని.

ముందు ఒక మాట. ఇదేం పిచ్చి ఆలోచన కాదు. 2021లో కెనడాలో స్టిన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ బృందం చేసిన పరిశోధనలో మూడింట రెండు వంతుల మంది ముందు ఫ్రెండ్స్‌గానే ఉండి తర్వాత ప్రేమికులయ్యారని తేలింది. మన సినిమాల్లో కూడా రెండు దారులూ ఉన్నాయి. 2000లో వచ్చిన ‘నువ్వే కావాలి’లో చిన్ననాటి స్నేహం ప్రేమైంది. 2003లో ‘వసంతం’లో స్నేహం చివరిదాకా స్నేహంగానే నిలబడింది. మీది ఏ సినిమా అన్నదే కదా అసలు డౌట్.

అసలు ఫ్లర్ట్ చేసి చూడాలని ఎందుకనిపిస్తుంది? వెనక్కి వెళ్లే దారి ఉంటుంది కాబట్టి. “ఈ డ్రెస్‌లో చూస్తే మతిపోతోంది” అన్నారనుకోండి. అవతలి వాళ్ల ముఖం మారితే వెంటనే “ఊరికే అన్నా రా బాబూ” అనేయొచ్చు. అడిగినట్టూ ఉంటుంది, అడగనట్టూ ఉంటుంది. కానీ చిక్కంతా అక్కడే ఉంది. మీకు తప్పించుకునే దారి ఎంత బాగా ఉంటే, అవతలి వాళ్లకి విషయం అంత తక్కువ అర్థమవుతుంది.

కొత్తవాళ్ల మధ్యే ఇది సరిగా అందదు. అమెరికాలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ పరిచయం లేని అబ్బాయిల్ని, అమ్మాయిల్ని జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించి, తర్వాత విడివిడిగా అడిగారు. 2015లో వచ్చిన స్టడీ అది. ఎదుటివాళ్లు నిజంగా ఫ్లర్ట్ చేసినప్పుడు అబ్బాయిలు పట్టుకున్నది 36 శాతం, అమ్మాయిలు పట్టుకున్నది 18 శాతమే. చేయనప్పుడు మాత్రం “చేయలేదు” అని 80 శాతం పైగా కరెక్ట్‌గా చెప్పారు. అంటే మనుషులు మామూలుగా “ఏం లేదులే” అన్న నమ్మకంతోనే ఉంటారు. ఇక పాత ఫ్రెండ్స్ మధ్య అయితే ఇంకా కష్టం. వాళ్ల మామూలు మాటే సగం ఫ్లర్టింగ్‌లా ఉంటుంది కాబట్టి. ఆటపట్టించడం, అర్ధరాత్రి రెండింటి దాకా చాటింగ్, ప్లేట్లోది లాక్కుని తినడం, ఇవన్నీ మొదటి ఏడాదిలోనే అయిపోయాయి. వాటిని లెక్కేసుకుని “చూశావా, తనకీ ఉంది” అనుకుంటే లాభం లేదు.

ఇప్పుడు నాకు దగ్గరగా తెలిసిన ఒక కేస్ చెప్తా. ఇద్దరూ చెప్పమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. ఆ అమ్మాయి పుప్పాలగూడలో హాస్టల్లో నా రూమ్మేట్. అబ్బాయి అక్కడికి రెండు గల్లీల అవతల ఇంకో ముగ్గురితో ఫ్లాట్ తీసుకుని ఉండేవాడు. ఇద్దరూ వరంగల్‌లో బీటెక్ క్లాస్‌మేట్స్. తనకి ముందు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో జాబ్ కాబట్టి పుప్పాలగూడ దగ్గరయ్యింది. తర్వాత అమీర్‌పేట ఆఫీసుకి మారినా హాస్టల్ మారలేదు. రాత్రి రాయదుర్గం మెట్రో దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కణ్నుంచి వాడి బైక్ మీద ఖాజాగూడ దాటుకుని హాస్టల్‌కి రావడం. దాదాపు రోజూ ఇదే. ఈ బైక్ సంగతి గుర్తుపెట్టుకోండి.

వాడు మూడు వారాలు టెస్ట్ చేశాడు. మొదట తన ఇన్‌స్టా స్టోరీకి మంట ఎమోజీ, “కిల్లింగ్” అని మెసేజ్. తన రిప్లై ఏంటో తెలుసా? “థాంక్స్ రా, మీ చెల్లికి లింక్ పంపనా? ఆఫర్‌లో ఉంది.” సరే, మెచ్చుకోవడం పనిచేయలేదు.

తర్వాత ‘రా’ తీసేశాడు. మన హైదరాబాద్ ఫ్రెండ్స్‌లో అబ్బాయి, అమ్మాయి తేడా లేకుండా ‘ఏంట్రా’, ‘మామా’ అనుకుంటాం కదా. దాని బదులు పేరు పెట్టి, మెల్లగా, “తిన్నావా?” అని అడగడం మొదలుపెట్టాడు. వాడి దృష్టిలో అది దగ్గరవడం. తను నాలుగు రోజులు చూసి అడిగింది, “ఏంటి, కోపమా? నేనేమన్నా అన్నానా?” అని. తెలుగులో ఇదొక తమాషా. ‘రా’ పోతే ప్రేమైనా అయ్యుండాలి, అలకైనా అయ్యుండాలి. పాత ఫ్రెండ్ ముందు అలకే అనుకుంటుంది.

మూడోది, “నీలాంటి అమ్మాయి దొరికితే రేపే పెళ్లి చేసుకుంటా.” తను “మా ఆఫీసులో ఒకమ్మాయి ఉంది, మాట్లాడనా?” అంది. నా లెక్కలో వాడు ఆగాల్సింది ఇక్కడ. ఇంకొకరిని చూపించడం అంటే రెండే అర్థాలు. ఒకటి, తనకసలు ఆ ఆలోచనే లేదు. రెండు, అర్థమైంది, కానీ మీ పరువు పోకుండా వద్దంటోంది. మన దగ్గర మొహం మీద ‘నో’ చెప్పేవాళ్లు తక్కువ. ఇలా పక్కదారి పట్టించి చెప్తారు. రెండింట్లో ఏదైనా ఇంకో హింట్ ఇచ్చి లాభం లేదు. వాడు మాత్రం “నాకోసం ఇంత ఆలోచిస్తోందంటే...” అనుకున్నాడు. ఇది వాడొక్కడి జబ్బు కాదులెండి. 2012లో 88 జంటల ఫ్రెండ్స్ మీద అమెరికాలో జరిగిన స్టడీలో అబ్బాయిలు, తమంటే ఫ్రెండ్‌కి ఉన్న ఇష్టాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకున్నారు. అమ్మాయిలు తక్కువగా ఊహించుకున్నారు.

మరి ఏది నిజమైన గుర్తు? ఎదుటివాళ్లు మీ మాటని భరించడం కాదు, నవ్వడం కూడా కాదు. వాళ్లు తమ వైపు నుంచి ఏదైనా కొత్తగా కలిపారా అన్నది చూడాలి. మా ఇంకో ఫ్రెండ్ విషయంలో అలాగే జరిగింది. తను ఒక అబ్బాయిని “ఆదివారం గ్రూప్ వద్దు, మనిద్దరమే వెళ్దామా?” అని ఒక్కసారి అడిగింది. వెళ్లారు. తర్వాతి వారం వాడే అడిగాడు, వాడే చోటు వెతికాడు, గ్రూప్‌లో ఆ సంగతి చెప్పలేదు. అంతకుముందు లేనివి మూడు వాడి వైపు నుంచి వచ్చాయి. రెండో ఆదివారానికే వాళ్లు మాట్లాడేసుకున్నారు. మార్చింది ఒక్క విషయం, ఎదురు చూసింది ఒక్క వారం. ఎమోజీ, పొగడ్త, పేరు పెట్టి పిలవడం అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దేనికి జవాబో మీకే తెలీదు.

మన కేస్‌కి వద్దాం. నాలుగో వారంలో వాడి ఫ్లాట్‌మేట్స్‌కి తెలిసిపోయింది. ఒకరోజు తను కింద నిలబడి ఉంటే పైనుంచి ఎవడో “వదిన వచ్చింది రా” అని అరిచాడు. అంతే. ఆ రాత్రి రూమ్‌కి వచ్చి తను నాతో అన్న మాట నేను మర్చిపోలేను: “అంటే ఇన్నాళ్లూ దింపింది ఇందుకేనా?”

పాత ఫ్రెండ్ విషయంలో పోయేది ఇదే. కొత్తవాళ్లు కాదంటే ఒక పరిచయం పోతుంది. ఇక్కడ గడిచిన ఎనిమిదేళ్లకి అర్థం మారిపోతుంది. జ్వరమొస్తే మందులు తెచ్చింది, వాళ్ల నాన్న ఆపరేషన్‌కి వరంగల్ వచ్చింది, అన్నీ ప్లాన్‌లో భాగమేనా అని తను వెనక్కి వెళ్లి తిరగేసుకుంది. మర్నాటి నుంచి రాయదుర్గంలో బైక్ ట్యాక్సీ బుక్ చేసుకోవడం మొదలెట్టింది. “ఆఫీస్ వాళ్లతో వస్తున్నా” అని వాడికి అబద్ధం చెప్పింది.

బైక్ గుర్తుపెట్టుకోమన్నా కదా. రాత్రి పదింటికి మీ బండి వెనక కూర్చున్న మనిషి మీ జోక్‌కి నవ్విందంటే దానికి లెక్క లేదు. ఇల్లు చేరాలి కదా! తను మీమీద ఆధారపడిన చోట, అది బైక్ అయినా, అప్పు అయినా, జాబ్ రిఫరల్ అయినా, వచ్చే జవాబు నమ్మదగింది కాదు. ఇద్దరిదీ ఒకే ఆఫీస్ అయితే ఇంకా జాగ్రత్త. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం చూసేది ఎదుటివాళ్లకి అది ఇష్టమా కాదా అన్నదే. ఇష్టం లేని మాట వేధింపు కిందికి రావచ్చు. “కాలేజీ నుంచీ ఫ్రెండ్సే” అన్నంత మాత్రాన సరిపోదు.

చివరికి నేనే వాడికి ఫోన్ చేసి, హింట్లు ఆపి నేరుగా మాట్లాడమన్నా. ఆదివారం మధ్యాహ్నం, మా హాస్టల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక టీ కొట్టు. బైక్ అవసరం లేదు, తను లేచి వెళ్లిపోవాలనుకుంటే ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటుంది. వాడు చెప్పింది ఇంతే:

“నాకు రెండు నెలలుగా నీమీద వేరే ఇష్టం కలిగింది. అంతకుముందు లేదు. అడగలేక పిచ్చి మెసేజ్‌లు పెట్టాను, అవి ఇక రావు. నీకు అలా లేకపోతే లేదని చెప్పు, మళ్లీ అడగను. ఫ్లాట్‌లో వాళ్లతో నేను మాట్లాడాను. పికప్ నీ ఇష్టం, దానికీ దీనికీ సంబంధం లేదు.”

ఇందులో “రెండు నెలలుగా” అన్న ముక్కే అన్నిటికన్నా పనిచేసింది. ఎప్పుడు మొదలైందో చెప్తేనే అంతకుముందు దాదాపు ఎనిమిదేళ్లూ ఉత్త స్నేహమేనని తనకి తెలుస్తుంది. “ఫస్ట్ ఇయర్ నుంచీ నువ్వంటే ప్రాణం” అనడం సినిమాలో బాగుంటుంది. ఇక్కడ అది నిజం కాదు కాబట్టి సరిపోయింది. నిజమైతే అదీ చెప్పాల్సిందే, కాకపోతే దాని బరువు తెలిసి చెప్పాలి.

రెండు రోజుల తర్వాత తను మెసేజ్ పెట్టింది, “నాకలా లేదు రా. ఆలోచించే చెప్తున్నా.” వాడు “సరే రా” అన్నాడు. ఎందుకని అడగలేదు, స్టేటస్‌లో విరహ గీతాలు పెట్టలేదు. రెండోది వాడికి చాలా కష్టమైందట!

ఒక నెల పికప్ లేదు. తర్వాత ఒక రాత్రి వర్షం, బైక్ ట్యాక్సీలు దొరకలేదు. రాయదుర్గం మెట్రో మెట్ల మీద నుంచి వాడికి తనే ఫోన్ చేసింది. ఇప్పుడు వారంలో రెండు మూడు రోజులు దింపుతున్నాడు. ముందులా రోజూ కాదు, రెండింటి దాకా చాటింగూ లేదు. వాడి ఫ్లాట్‌కి మాత్రం తను ఇప్పటికీ వెళ్లదు, కిందే ఆగి ఫోన్ చేస్తుంది.