కలలో కలవని నంబరు

అమ్మ ఆస్పత్రిలో ఉన్న రెండు వారాలూ నాకు ఒకటే కల. అక్కకు ఫోన్ చేసి "అమ్మకెలా ఉందే?" అని అడగాలి. నంబరు కంఠతా వచ్చు. నాలుగంకెలు సరిగ్గానే పడతాయి, ఐదోది కాస్తా పక్కదాని మీద పడుతుంది. చెరిపి మళ్లీ మొదలుపెడితే ఈసారి మూడోది తప్పుతుంది. పోనీ మెసేజ్ పెడదామంటే 'అమ్మ' అని కొట్టిన చోట ఇంకేదో మాట ఉంటుంది. గుండె దడదడలాడుతూ లేచి, అదే ఫోన్ తీసుకుని, అదే నంబరు ఒక్క తప్పు లేకుండా నొక్కేవాణ్ని.

ఎవరితో చెప్పినా "నాకూ వస్తుంది" అన్నారు. అందుకే దీని సంగతేమిటో చదివాను.

ఇలాంటి కథలాంటి కలలు ఎక్కువగా రెమ్ నిద్రలో వస్తాయి. మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే దశ అది. షికాగోలో అసరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో దాన్ని బయటపెట్టారు. సుమారు గంటన్నరకోసారి వస్తుంది, తెల్లవారే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. ఆ సమయంలో మెదడంతా ఒకేలా పనిచేయదు. భయానికీ ఆందోళనకూ సంబంధించిన అమిగ్దల చురుగ్గా ఉంటుంది. నుదుటి వెనక, పైకి పక్కగా ఉండే భాగం మాత్రం బాగా నెమ్మదిస్తుంది. 1990లలో తీసిన మెదడు స్కాన్లలో ఈ తేడా కనిపించింది.

నంబరు నొక్కడానికి కావలసింది సరిగ్గా ఆ నెమ్మదించిన భాగమే. పది అంకెల్నీ వరసగా మనసులో నిలుపుకోవాలి, ఎన్ని నొక్కామో గుర్తుండాలి, తప్పితే ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి. కలలో ఆ పట్టు సడలిపోతుంది, తొందర మాత్రం మిగులుతుంది.

దీనికి తోడు, కలలో ఫోనే లేదు. మెలకువలో ఐదు నొక్కి చూపు తిప్పుకున్నా స్క్రీన్ మీద ఐదు అలాగే ఉంటుంది. కలలో ఆ స్క్రీన్‌ను చూసిన ప్రతిసారీ మెదడు కొత్తగా గీసుకోవాలి. చెట్టును రెండోసారి కాస్త వేరుగా గీసినా అది చెట్టే, మనం గమనించం. అంకె మారితే మాత్రం నంబరే తప్పు. తాము కలలో ఉన్నామని తెలిసి కలగనేవాళ్లు ఈ కిటుకునే వాడతారు. ఏదైనా రాత చదివి, చూపు తిప్పి మళ్లీ చదువుతారు. అక్షరాలు మారిపోతే అది కలేనన్నమాట. రోజూ గంటల తరబడి చదివి, రాసి, టైపు చేసేవాళ్లకు కూడా ఆ పనులు కలలోకి రావడం చాలా అరుదని బోస్టన్ పరిశోధకుడు ఎర్నెస్ట్ హార్ట్‌మన్ 2000లో ప్రచురించిన సర్వేలో తేలింది.

అంకెలు ఎందుకు తప్పుతాయో దీనివల్ల కొంత అర్థమైంది. అవతల ఉన్నది అక్కే ఎందుకన్నదానికి మెదడు స్కాన్ జవాబివ్వదు. అది నా రెండు వారాల సంగతి.

నిద్రలోంచి కబురు అసలే బయటికి రాదనుకోకూడదు. రెమ్ నిద్రలో ఒళ్లంతా కదలిక లేక పడి ఉంటుంది గానీ కళ్లకు ఆ కట్టు లేదు. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో నాలుగు దేశాల శాస్త్రవేత్తలు 36 మందిని నిద్రపుచ్చి, కల మధ్యలోనే ప్రశ్నలడిగారు. "ఎనిమిదిలోంచి ఆరు తీస్తే?" అన్నదానికి ఒక యువకుడు కళ్లను రెండుసార్లు ఎడమకూ కుడికీ తిప్పి జవాబిచ్చాడు. మొత్తం 158 సార్లు అడిగితే సరైన జవాబు వచ్చింది 29 సార్లే. ఎక్కువసార్లు అసలు జవాబే లేదు.

ఒకే పీడకల పదే పదే వచ్చేవాళ్లకు నిద్ర వైద్యులు నేర్పే పద్ధతి ఒకటుంది. పగటిపూట కలను కాగితం మీద రాసి, నచ్చినచోట కథ మార్చి, ఆ కొత్త కలను రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. ఒకటి రెండు రోజులతో తెమిలే పని కాదు. పెద్ద ప్రమాదమో హింసో చూసినవాళ్లు దీన్ని వైద్యుల దగ్గరే మొదలుపెట్టాలి. కలలో కాళ్లూ చేతులూ నిజంగానే విసురుతూ పక్కవాళ్లను కొట్టడం, మంచం మీంచి పడటం ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, చూపించుకోవాల్సిందే.

నా కలలో నంబరు కలిసినట్టు మార్చాలనుకున్నాను గానీ, ఊహలో కూడా అంకెల దగ్గరే చిక్కుకున్నాను. అప్పుడు ఫోన్‌నే తీసేశాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మళ్లీ అదే కల, ఐదో అంకె మళ్లీ తప్పింది. ఫోన్ జేబులో వేసుకుని, అక్క వాళ్ల ఊరి బస్సు ఎక్కడానికి బస్టాండు వైపు నడిచాను.